పానకాల స్వామి సగమైనా తిరిగిస్తాడు

"ఒరేయ్, ఈ రిపోర్టు ప్రకారం నేను బాగానే ఉన్నాను. బ్యాంకు ఖాతా చూస్తే లేను. రెండిట్లో ఏది అబద్ధం చెప్తోంది?"

సెప్టెంబరు మొదటి ఆదివారం మా చిన్నక్క ఫోన్ చేసి అడిగిన మొదటి మాట ఇది. అక్కది మంగళగిరి. ఇంటి ముందు గదిలో చేనేత చీరల కొట్టు, దానికి తోడు రెండేళ్లుగా ఒక వెబ్‌సైటు. ఆగస్టులో మొదటిసారి ఒక మార్కెటింగ్ ఏజెన్సీకి డబ్బిచ్చి ఇన్‌స్టాగ్రామ్‌లో యాడ్‌లు వేయించింది. ఖర్చు 30,000. నెల తిరిగేసరికి వాళ్లు వాట్సాప్‌లో ఆరు పేజీల పీడీఎఫ్ పంపారు. మొదటి పేజీలో ఆకుపచ్చ డబ్బాలో పెద్ద అక్షరాలతో సీటీఆర్ 5.1 శాతం అని, దాని కింద "బెస్ట్ పెర్ఫార్మింగ్ యాడ్" అని ఒక వీడియో బొమ్మ. సీటీఆర్ అంటే యాడ్ వందసార్లు కనిపిస్తే ఎన్నిసార్లు నొక్కారన్న లెక్క.

నేను హైదరాబాద్‌లో చేసే ఉద్యోగం ఇప్పుడు వేరు గానీ, ఇదివరకు కొన్నేళ్లు ఒక ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీలో యాడ్‌ల లెక్కలు చూశాను. ఇలాంటి ఆకుపచ్చ డబ్బాలు నేనూ చేసి పైవాళ్లకు పంపినవాణ్ణే. అందుకే అక్క ప్రశ్నకు జవాబు వెంటనే తోచింది. రెండూ నిజమే చెప్తున్నాయి. కాకపోతే రిపోర్టు లెక్కపెట్టడం మధ్యలోనే ఆపేసింది, బ్యాంకు ఖాతా చివరిదాకా లెక్కపెట్టింది. నా అభిప్రాయం కూడా ఇదే: ఈ శాతాల్లో ఏదీ చెడ్డది కాదు, ఏ మెట్టు మీద నిలబడి లెక్కపెట్టారో చూడకుండా నమ్మడమే ప్రమాదం. అయితే ఈ మాట చెప్పినంత తేలిగ్గా లెక్క తేలలేదు. నాలుగు నెలలు పట్టింది. మధ్యలో నా అభిప్రాయం రెండుసార్లు అటూ ఇటూ అయింది.

ముందు ఆ 5.1 సంగతి. యాడ్ అకౌంటు తెరిచి చూస్తే అక్కడ రెండు సీటీఆర్‌లు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి `CTR (all)`, రెండోది `CTR (link click-through rate)`. మొదటిదాంట్లో లైకు కొట్టినా, పేరు మీద నొక్కి ప్రొఫైల్ చూసినా, రాసింది పూర్తిగా చదవడానికి "మోర్" నొక్కినా, అన్నీ క్లిక్కులే. రెండోదాంట్లో యాడ్‌లోని లింకు నొక్కిన క్లిక్కులు మాత్రమే. రిపోర్టులో వేసింది మొదటిది. రెండోది 2.4 శాతం. ఏజెన్సీ కుర్రాణ్ణి అడిగితే "రెండూ సీటీఆరే కదా సర్" అన్నాడు. అబద్ధం కాదు మరి.

## రెండు యాడ్‌ల లెక్క

ఆగస్టులో నడిచినవి రెండు యాడ్‌లు. ఒకటి వీడియో: గుంట మగ్గం మీద చీర నేస్తున్న చేతులు, చప్పుడు, "ఈ చీర ధరెంతో చెప్పగలరా?" అన్న ప్రశ్న. రెండోది మామూలు ఫోటో: నిజాం బోర్డరు దగ్గరగా కనిపించే నూలు చీర, పక్కన 1,850 అని ధర. దేని వల్ల ఎన్ని ఆర్డర్లు వచ్చాయో విడిగా తెలియడానికి యాడ్ లింకుల చివర `utm_content=video`, `utm_content=photo` అని తోకలు ఉన్నాయి. ఆ మేరకు ఏజెన్సీ కుర్రాణ్ణి మెచ్చుకోవాలి. చాలామంది అదీ చేయరు.

రెంటి మీదా తలా 15,000 ఖర్చయింది. లెక్క సులువుగా సాగడానికి అంకెలు కొద్దిగా గుండ్రం చేస్తున్నాను.

వీడియో 1,50,000 సార్లు కనిపించింది. అంటే వెయ్యిసార్లు చూపించడానికి 100 రూపాయలు. లింకు నొక్కినవి 3,600, అంటే 2.4 శాతం. క్లిక్కుకు నాలుగు రూపాయల పదిహేడు పైసలు పడింది. ఆర్డర్లు 18. నొక్కినవాటిలో ఆర్డరు దాకా వెళ్లినవి అర శాతం. ఇదే కన్వర్షన్ రేటు.

ఫోటో 1,25,000 సార్లు కనిపించింది. వెయ్యికి 120 రూపాయలు. నొక్కినవి 1,000 మాత్రమే, 0.8 శాతం. క్లిక్కుకు 15 రూపాయలు. ఆర్డర్లు మాత్రం 30, అంటే 3 శాతం.

క్లిక్కుల వరకే చూస్తే వీడియో మూడు రెట్లు బాగుంది. క్లిక్కు ధర చూసినా అదే నెగ్గింది. ఏజెన్సీ రిపోర్టు అక్కడ ఆగింది. ఒక ఆర్డరు తేవడానికి ఎంత పడిందో, అంటే సీపీఏ ఎంతో చూద్దాం. 15,000ను 18తో భాగిస్తే 833. అదే 15,000ను 30తో భాగిస్తే 500. ఏజెన్సీ మొదటి పేజీకి ఎక్కించిన యాడ్ కంటే, అయిదో పేజీలో మూలన పెట్టినది ప్రతి ఆర్డరు మీదా 333 రూపాయలు చవక.

ఈ మూడు అంకెలూ విడివిడిగా ఉండవు. ఒకే గొలుసు.

```
CPA = CPM / (1000 × CTR × CVR)

video: 100 / (1000 × 0.024 × 0.005) = 833
photo: 120 / (1000 × 0.008 × 0.030) = 500
```

CPM అంటే వెయ్యిసార్లు చూపించడానికి పడే ధర, CVR అంటే కన్వర్షన్ రేటు. హారంలో ఉన్న గుణకారం చూడండి. వీడియోకు వెయ్యిసార్లు చూపిస్తే 0.12 ఆర్డరు, ఫోటోకు 0.24. సరిగ్గా రెట్టింపు. సీటీఆర్ మూడో వంతే అయినా కన్వర్షన్ రేటు ఆరు రెట్లుంది కాబట్టి ఫోటో నెగ్గింది. లబ్ధంలో ఒక సంఖ్యను మాత్రమే చూసి సంబరపడటం ఎలాంటిదంటే, పొలం పొడుగు చెప్పి వెడల్పు దాచినట్టు.

దీన్ని అందరూ ఫన్నెల్ అంటారు, తెలుగులో రాసేవాళ్లు గరాటు అంటారు. నాకెప్పుడూ ఆ పోలిక నచ్చలేదు. గరాటులో పోసిన నూనె చివరి చుక్క దాకా సీసాలోకి దిగుతుంది. ఇక్కడ జరిగేది అది కాదు. ఒకదాని కింద ఒకటి పెట్టిన జల్లెడలు ఇవి. పై జల్లెడ కన్నాలు పెద్దవి చేస్తే కింద జల్లెడలో తవుడే ఎక్కువ పేరుకుంటుంది. వీడియో చేసింది అదే.

1994లో వెబ్‌లో వచ్చిన తొలి బ్యానర్ యాడ్‌ను చూసినవాళ్లలో 44 శాతం మంది నొక్కారని ఈ రంగంలో ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. హాట్‌వైర్డ్ అనే వెబ్‌సైటులో ఏటీ అండ్ టీ వేయించిన యాడ్ అది. ఆ నొక్కినవాళ్లలో ఎంతమంది ఏం కొన్నారన్నది మాత్రం ఎవరూ చెప్పుకోరు.

## ధర రాయడం వల్లేనా?

ఇక్కడ నేనొక తప్పు చేశాను. ఫోన్లోనే అక్కకు పాఠం చెప్పాను: "ఫోటో మీద ధర ఉంది కాబట్టి కొనలేనివాళ్లు నొక్కలేదు. ఆ క్లిక్కుల డబ్బు నీకు మిగిలింది. వీడియో ధర దాచి ఊరించింది, అందుకే నొక్కి, లోపల 1,850 చూసి వెళ్లిపోయారు." వినడానికి ఎంతో బాగుంది. రాత్రి పడుకున్నాక అది సగమే నిజమని తట్టింది.

గూగుల్ సెర్చిలో వచ్చే యాడ్‌లకు మామూలుగా క్లిక్కు లెక్కన డబ్బు తీసుకుంటారు. అక్కడ పనికిరాని క్లిక్కు ఒకటి తగ్గితే అంత సొమ్ము నిజంగానే మిగులుతుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో అక్క కడుతున్నది చూపించినందుకు. ఎవరూ నొక్కకపోయినా 1,25,000 సార్లు చూపించినందుకు 15,000 పోతుంది. "క్లిక్కుకు 15 రూపాయలు" అన్నది ఎవరూ వసూలు చేసిన ధర కాదు, తర్వాత మనం భాగించి తెలుసుకున్నది. కాబట్టి నొక్కకుండా ఆపితే డబ్బు మిగలడమన్నది ఇక్కడ లేదు. ధర చూపించడం వల్ల లాభం రావాలంటే అది ఆర్డర్లను పెంచాలి, లేదా యాడ్‌ను కొనేవాళ్ల ముందుకు తీసుకెళ్లాలి.

మర్నాడు సెట్టింగులు తెరిచి చూస్తే అసలు కథ బయటపడింది. వీడియో యాడ్‌కు లక్ష్యంగా ట్రాఫిక్ అని పెట్టి ఉంది. ఫోటోకు సేల్స్ అని ఉంది. ఇది చిన్న తేడా కాదు. ట్రాఫిక్ అని చెబితే ఆ వ్యవస్థ లింకులు నొక్కే అలవాటున్న వాళ్లను వెతికి వాళ్లకే చూపిస్తుంది. సేల్స్ అని చెబితే కొనే అవకాశం ఉన్నవాళ్లను వెతుకుతుంది. అలాంటి వాళ్ల కోసం మిగతా కొట్లవాళ్లూ పోటీ పడతారు కాబట్టి వాళ్లకు చూపించడానికి ధర ఎక్కువ. వెయ్యికి 100, 120 అన్న తేడా అందుకే వచ్చి ఉండాలి. క్లిక్కులు కావాలని అడిగాం, క్లిక్కులే ఇచ్చింది. ఆ వ్యవస్థ మాట తప్పలేదు.

అంటే రెండు యాడ్‌ల మధ్య రెండు తేడాలున్నాయి, ధర రాయడం ఒకటి, లక్ష్యం ఒకటి. దేని వాటా ఎంతో ఈ అంకెల నుంచి చెప్పలేం. అదే వీడియోను సేల్స్ లక్ష్యంతో నడిపి చూస్తేగానీ తెలియదు. అక్క ఆ ప్రయోగానికి ఇంకో 15,000 పెట్టనంది. నేనూ పట్టుబట్టలేదు. అక్కకు ఫోన్ చేసి నిన్న చెప్పిన పాఠంలో సగం వెనక్కి తీసుకున్నాను.

## ఆర్‌టీవో

అక్క ప్రశ్న మాత్రం అలాగే ఉంది. రెండు యాడ్‌లూ కలిపి 48 ఆర్డర్లు, 30,000 ఖర్చు, సగటున ఆర్డరుకు 625. ఒక్కో చీర మీద పన్ను, నేసినవాళ్లకు ఇచ్చేది, పెట్టె, కొరియరు పోగా అక్కకు మిగిలేది 620. అంటే దాదాపు సరికి సరి. లాభం లేకపోయినా నష్టం ఉండకూడదు. మరి ఖాతాలో పన్నెండు వేల దాకా ఎందుకు తగ్గింది?

నేను ఊరెళ్లినప్పుడు ముందు గదిలో ఒక మూల, తెరవని పెట్టెల గుట్ట కనిపించింది. పదిహేను. అన్నీ క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డర్లే, కొరియరువాళ్లు తిరిగి తెచ్చి పడేసినవి. ఇంట్లో లేరని కొన్ని, ఫోన్ ఎత్తలేదని కొన్ని, "ఇప్పుడొద్దు" అన్నారని కొన్ని. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు దీన్ని ఆర్‌టీవో అంటారు, బయల్దేరిన చోటికే తిరిగి రావడమని. మా అక్కకు మొదట ఎవరో "మీకు ఆర్‌టీవో ఎక్కువుంది మేడమ్" అంటే స్కూటీ లైసెన్సు సంగతేమో అనుకుందట.

యాడ్ అకౌంటుకు ఈ గుట్ట కనపడదు. వెబ్‌సైటులో "మీ ఆర్డరు అందింది" అన్న పేజీ తెరుచుకోగానే అది కొనుగోలు కింద రాసేసుకుంటుంది. డబ్బు చేతికొచ్చిందా అన్నది దాని పని కాదు, మనం చెబితే తప్ప తెలియదు కూడా. ఇప్పుడు తిరిగొచ్చినవాటిని ఏ యాడ్‌వి ఆ యాడ్‌కు పంచితే వీడియోవి 8, ఫోటోవి 7. చేరినవి వీడియోకు 10, ఫోటోకు 23.

తిరిగొచ్చిన ప్రతి పెట్టెకూ రానూపోనూ కొరియరు 160. దాన్ని కూడా కలపాలి, ఎందుకంటే ఆ ఖర్చు కూడా చేరిన చీరలే మోయాలి. వీడియోకు 15,000తో పాటు 1,280 కలిపి 10తో భాగిస్తే 1,628. ఫోటోకు 15,000తో పాటు 1,120 కలిపి 23తో భాగిస్తే 701. మొదట 833 అనుకున్నది దాదాపు రెట్టింపైంది. 500 అన్నది 701 అయింది. చీరకు మిగిలేది 620 అయినప్పుడు, నేను పొగిడిన ఫోటో కూడా చీరకు 81 రూపాయల నష్టంలోనే ఉంది. మొత్తం మీద 33 చీరల మీద 20,460 మిగిలింది, 32,400 ఖర్చయింది. పోయింది 11,940. ఖాతాతో సరిపోయింది.

ఇంకో సంగతి గమనించండి. వీడియో చూసి ఆర్డరిచ్చిన 18 మందిలో ముందే డబ్బు కట్టినవాళ్లు ఇద్దరే. ఫోటో చూసి ఆర్డరిచ్చిన 30 మందిలో తొమ్మిది మంది. మనసులో గట్టిగా లేనివాళ్లు ప్రతి మెట్టు మీదా రాలతారు, క్యాష్ ఆన్ డెలివరీ ఉంటే ఆఖరి మెట్టు గుమ్మం దగ్గర ఉంటుంది. అక్కడ రాలితే ఖర్చు మనది.

లెక్క విన్నాక అక్క కొండకేసి చూసి అంది: "మన పానకాల స్వామే నయం కదరా. ఎంత పోసినా సగం తాగి సగం తిరిగిస్తాడు. వీళ్లు మొత్తం తాగి, పైన దక్షిణ కూడా తీసుకున్నారు."

## మళ్లీ కొంటారుగా అన్న వాదన

ఈ లెక్క ఏజెన్సీ కుర్రాడి ముందు పెట్టాం. అతను వినయంగానే ఒక మాటన్నాడు, దాన్ని నేను కొట్టిపారేయలేకపోయాను. "మేడమ్, కస్టమర్‌ను తేవడానికి ఒక్కసారే ఖర్చు. వాళ్లు మళ్లీ కొంటే యాడ్ ఖర్చుండదు. మొదటి చీర మీదే లాభం చూస్తే ఎవరూ యాడ్ వేయలేరు."

ఈ మాటను చాలామంది నష్టాన్ని కప్పిపుచ్చడానికి వాడతారని నాకు తెలుసు. పాత ఆఫీసులో ఏ సీపీఏ ఎక్కువైనా "లైఫ్‌టైమ్ వాల్యూ ఉంది" అని సర్దుకునేవాళ్లం. ఆ వాల్యూ ఎంతో మాత్రం ఎవరూ లెక్కేసి చూపించేవాళ్లు కాదు. కానీ వాదన తప్పు కాదు, అంకె లేకపోవడం తప్పు. అక్క పుస్తకంలో అంకె ఉంది. ఫోటో ద్వారా వచ్చిన 23 మందిలో డిసెంబరు లోపు నలుగురు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి ఇంకో చీర కొన్నారు. ముందే డబ్బు వేసి మరీ. నాలుగు చీరల మీద 2,480. దాన్ని 23 మందికి పంచితే మనిషికి 108. అంటే ఆ యాడ్ తెచ్చిన ఒక కస్టమర్ విలువ ఇప్పటికి 620 కాదు, 728. ఖర్చు 701. నష్టమనుకున్నది నాలుగు నెలల తర్వాత 27 రూపాయల లాభం. రెండోసారి నా మాట నేనే మార్చుకోవాల్సి వచ్చింది.

వీడియోకు ఈ వాదన పనిచేయదు. అక్కడ 1,628 పూడాలంటే ఒక్కొక్కరూ ఏడాదిలో మూడు చీరలు కొనాలి. ఆ పది మందిలో ఇంతవరకూ ఎవరూ తిరిగి రాలేదు.

రెండో వైపూ చూడాలి. యాడ్ ఖాతాలో పడ్డ ఆర్డర్లన్నీ యాడ్ తెచ్చినవేనా? మామూలుగా యాడ్ నొక్కిన ఏడు రోజుల్లోపు కొన్నా, నొక్కకుండా కేవలం చూసిన ఒక రోజులోపు కొన్నా ఆ అమ్మకం యాడ్ పద్దులోకి వెళ్తుంది. అక్కకు విజయవాడలో ఒక పాత కస్టమరుంది, ప్రతి శ్రావణంలో రెండు చీరలు కొంటుంది. ఈసారి ఫోటో యాడ్ కనిపిస్తే అదే నొక్కి కొనేసింది. "నీ నంబరు వెతుక్కునే పని తప్పింది" అందట. ఆ 23లో ఆమె ఒకరు. ఆమెను తీసేస్తే లెక్క నష్టం వైపు జరిగి, ఆ 27 రూపాయలూ మిగలవు. యాడ్ చూసి నేరుగా కొట్టుకే వచ్చి కొన్నవాళ్లు ఏ లెక్కలోనూ లేరు, వాళ్లను కలిపితే లాభం వైపు. ఇలాంటివి ఒకటీ అరా రెండు వైపులా ఉంటాయని వదిలేశాను. 27 రూపాయల లాభం అన్నప్పుడు దాని అర్థం సుమారు సున్నా అనే.

## తగ్గిన కన్వర్షన్ రేటు

సెప్టెంబరులో వీడియో ఆపేశాం. ఫోటో ఒక్కటే, అదే 15,000తో. ఒకే ఒక మార్పు: క్యాష్ ఆన్ డెలివరీ కావాలంటే ముందుగా 150 యూపీఐలో కట్టాలి, మిగతాది చీర అందాక. ఏజెన్సీ కుర్రాడు వద్దన్నాడు. కన్వర్షన్ రేటు పడిపోతుందన్నాడు.

పడిపోయింది. క్లిక్కులు అంతే, 1,000. ఆర్డర్లు 30 నుంచి 26కు తగ్గాయి, 3 శాతం కాస్తా 2.6 అయింది. డాష్‌బోర్డులో సీపీఏ 500 నుంచి 577కు పెరిగింది. ఆ నెల రిపోర్టు మొదటి పేజీలో రెండు ఎర్ర బాణాలు.

గది మూలన మాత్రం రెండే పెట్టెలు. 26లో 24 చేరాయి. 15,000తో పాటు 320 కలిపి 24తో భాగిస్తే 638. ఆగస్టులో ఇదే అంకె 701. రిపోర్టు ప్రకారం పరిస్థితి 15 శాతం చెడింది, చేతికొచ్చిన డబ్బు ప్రకారం 9 శాతం బాగుపడింది. ఒకే నెల, ఒకే యాడ్.

ఇది చెప్పి గెలిచానని నేను సంబరపడకూడదు. 30 ఆర్డర్లు వచ్చే చోట ఏమీ మార్చకుండా ఇంకో నెల నడిపినా 25 రావచ్చు, 35 రావచ్చు. సంఖ్య చిన్నదైతే ఊగిసలాట దాని వర్గమూలం అంత ఉంటుందని ఒక మోటు లెక్క; 30కి అది అయిదున్నర. కాబట్టి 30 నుంచి 26కు తగ్గడం ముందస్తు 150 వల్లేనని నేను చెప్పలేను, వాళ్లూ చెప్పలేరు. తిరిగొచ్చేవి 7 నుంచి 2కు తగ్గడం కూడా చిన్న సంఖ్యే. కానీ అక్కడ కారణం కళ్ల ముందుంది. 150 కట్టిన మనిషి కొరియరు అబ్బాయి ఫోన్ చేస్తే ఎత్తుతుంది.

## సంక్రాంతి

అక్టోబరులో పండగల కోసం అక్క ఉత్సాహంగా బడ్జెట్ రెట్టింపు చేసింది, 30,000. నన్ను అడగలేదు. చేరినవి 43, తిరిగొచ్చినవి 4. సీపీఏ 713. కస్టమరు విలువ 728 అని తేలాక, అయితే ఆ నెలా లాభమే అని ఫోన్ చేసి చెప్పింది.

సగటు అలాగే చెప్తుంది. కానీ మొదటి 15,000కు 24 చీరలు ఎలాగూ పోయేవి. రెండో 15,000 వల్ల అదనంగా పోయినవి 19. వాటి ఖర్చు, తిరిగొచ్చిన అదనపు రెండు పెట్టెలతో కలిపి 15,320. చీరకు 806. ఆ 19 చీరల మీదా ఒక్కోదానికి 78 నష్టం, మొదటి 24 సంపాదించిన లాభంలోంచి పోయింది. కస్టమరుకు 728 లెక్కన సెప్టెంబరులో నికరంగా మిగిలింది 2,152. అక్టోబరులో రెట్టింపు ఖర్చు పెట్టి, దాదాపు రెట్టింపు పెట్టెలు కట్టి మిగుల్చుకున్నది 664. అమ్మకాలు పెరిగాయి, అక్క నడుం నొప్పి పెరిగింది, లాభం తగ్గింది.

ఇలా ఎందుకవుతుందో ఊహించడం కష్టం కాదు. సులువుగా కొనేవాళ్లకు మొదటి డబ్బుతోనే యాడ్ చేరిపోతుంది. తర్వాతి డబ్బు అంత ఆసక్తి లేనివాళ్లను వెతుకుతుంది, లేదా చూసినవాళ్లకే మళ్లీ చూపిస్తుంది. పైగా పండగ నెలలో అందరూ యాడ్‌లు వేస్తారు కాబట్టి వెయ్యిసార్లు చూపించే ధరే పెరుగుతుంది. పండగ గిరాకీ ఉండబట్టి 19 అయినా వచ్చాయేమో. మామూలు నెలలో ఇంకా తక్కువ వచ్చేవేమో కూడా.

నవంబరులో మళ్లీ 15,000కు దిగింది. మొన్న ఫోన్ చేసి సంక్రాంతికి ఎంత పెట్టమంటావని అడిగింది. మొత్తం సీపీఏ చూడొద్దన్నాను. పెంచిన డబ్బు మీద మాత్రమే లెక్క వెయ్యమన్నాను. అయిదు వేలు పెంచితే, 5,000ను 728తో భాగిస్తే ఏడుకు కొంచెం తక్కువ. అంటే 24 కాకుండా కనీసం 31 చేరాలి. చేరితే ఆ మెట్టు మీద ఉండు, చేరకపోతే దిగిపో.

పుస్తకంలో 31 అని రాసుకుని గుండ్రంగా సున్నా చుట్టినట్టుంది, పెన్ను చప్పుడు వినిపించింది.

"ఒక్క నెలలో 31 వచ్చినా అది అదృష్టమే అయి ఉండొచ్చక్కా, 24 వచ్చే చోట అయిదు అటూ ఇటూ మామూలే" అని నా అనుమానం కూడా చెప్పాను.

"అదృష్టమైతే ఇంకా మంచిది కదరా, దానికి నువ్వు ఖర్చు రాయవుగా" అని ఫోన్ పెట్టేసింది.